లండన్ ట్యూబ్ టికెట్ లెక్క: డే పాస్ ఎందుకు కొనక్కర్లేదు, వీక్లీ పాస్ ఎప్పుడు కొనాలి

లండన్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కడి మెట్రో రైలైన ట్యూబ్ స్టేషన్‌లో అడుగుపెట్టగానే చేసే మొదటి పని టికెట్ మెషీన్ ముందు నిలబడి డే పాస్ కోసం వెతకడం. రోజంతా తిరగాలి కాబట్టి రోజు పాస్ తీసుకుంటే చవక అన్నది మనకు అలవాటైన లెక్క. సిటీ బస్సుల్లో ఆ లెక్క సరైనదే. లండన్ ట్యూబ్‌లో మాత్రం అది తలకిందులవుతుంది. ఇక్కడ డే పాస్ అన్నిటికన్నా ఖరీదైన దారుల్లో ఒకటి. అంతకన్నా ఖరీదైనది ఒక్కటే ఉంది, అప్పటికప్పుడు మెషీన్‌లో కొనే ఒక్క ప్రయాణపు కాగితం టికెట్.

ఒక ఉదాహరణ చూడండి. ఈ వ్యాసంలో చెప్పే ధరలన్నీ 2025 మార్చిలో అమల్లోకి వచ్చినవి, ముందే డబ్బు వేసుకుని వాడే లండన్ రవాణా కార్డు ఆయిస్టర్ ధర మాత్రం అదే ఏడాది సెప్టెంబరులో మారినది. సాధారణంగా ఏటా మార్చిలో ఛార్జీలు సవరిస్తారు కాబట్టి బయల్దేరేముందు లండన్ రవాణా సంస్థ వెబ్‌సైటు tfl.gov.uk లో ఒకసారి సరిచూసుకోవాలి. నగరం నడిబొడ్డున రెండు స్టేషన్ల మధ్య కాగితం టికెట్ కొంటే 7 పౌండ్లు. అదే ప్రయాణానికి గేటు దగ్గర బ్యాంకు కార్డుగానీ ఆయిస్టర్ కార్డుగానీ ఆనిస్తే వేళను బట్టి 2.80 లేదా 2.90 పౌండ్లు. రైలు అదే, సీటు అదే, ధర మాత్రం రెండున్నర రెట్లు. కాగితం టికెట్ల నుంచి జనాన్ని కార్డుల వైపు మళ్లించాలని లండన్ రవాణా సంస్థ కావాలనే ఈ తేడా పెట్టింది. ఆయిస్టర్ కార్డు 2003లో వచ్చింది, బ్యాంకు కార్డును నేరుగా గేటుకు ఆనించే పద్ధతి ట్యూబ్‌లో 2014లో మొదలైంది. స్టేషన్లలో టికెట్ కౌంటర్లు కూడా తర్వాత మూసేశారు. ఇప్పుడున్నవి మెషీన్లు, వాటి దగ్గర సాయం చేసే సిబ్బంది.

జోన్లు ఎలా పనిచేస్తాయి

హైదరాబాద్ మెట్రోలో ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. లండన్‌లో దూరం కాదు, ఎన్ని వలయాలు దాటారన్నది లెక్క. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాగా నగరం చుట్టూ వలయాలు గీశారనుకోండి. అన్నిటికన్నా లోపలిది జోన్ 1. వెస్ట్‌మిన్‌స్టర్, టవర్ బ్రిడ్జి, బ్రిటిష్ మ్యూజియం, బకింగ్‌హామ్ ప్యాలెస్ లాంటివన్నీ అందులోనే ఉన్నాయి. బయటికి పోయేకొద్దీ 2, 3, 4 అంటూ సంఖ్య పెరుగుతుంది. హీత్రూ విమానాశ్రయం జోన్ 6లో ఉంది. మ్యాప్‌లో ఈ వలయాలు తెలుపు, బూడిద రంగు పట్టీలుగా కనబడతాయి.

జోన్ 1 లోపలికి వెళ్తే ఛార్జీ ఎక్కువ. జోన్ 2 నుంచి జోన్ 1కి వస్తే రద్దీ వేళలో 3.50, మిగతా సమయంలో 2.90 పౌండ్లు. జోన్ 3 నుంచి వస్తే 3.80, 3.10. రద్దీ వేళ అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 6.30 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 7. శని, ఆదివారాల్లో రద్దీ ధర ఉండదు. లెక్కలోకి వచ్చేది మీరు రైలు దిగిన సమయం కాదు, లోపలికి పోయేటప్పుడు కార్డు ఆనించిన సమయం. 9.28కి గేటు దగ్గరకు చేరుకుంటే రెండు నిమిషాలు ఆగడం లాభం.

కొన్ని స్టేషన్లు రెండు జోన్ల సరిహద్దు మీద ఉంటాయి. తెలుగువాళ్లు, తమిళులు చాలామంది ఉండే ఈస్ట్ హామ్ అలాంటిదే, అది 3, 4 జోన్ల మధ్య ఉంది. సరిహద్దు స్టేషన్‌ను ఏ జోన్‌గా లెక్కిస్తే మీకు తక్కువ పడుతుందో ఆ జోన్‌గానే లెక్కిస్తారు. ఈస్ట్ హామ్ నుంచి నగరం లోపలికి వెళ్లేవాళ్లకి అది జోన్ 3. బస ఎక్కడన్నది నిర్ణయించుకునేటప్పుడు ఈ విషయం కూడా చూసుకోవడం మంచిది.

పాస్ కొనకుండానే పాస్

రోజుకు ఇంతకన్నా ఎక్కువ తీసుకోకూడదని ఒక పరిమితి ఉంది. అక్కడ దాన్ని క్యాప్ అంటారు. తెల్లవారుజామున 4.30 నుంచి మరుసటి రోజు 4.29 వరకు మీ కార్డు మీద అయిన ప్రయాణాలన్నిటినీ కంప్యూటరు కూడుతూ పోతుంది. పరిమితి దాటగానే తర్వాతి ప్రయాణాలకు డబ్బు తీసుకోదు. జోన్ 1, 2లలో తిరిగితే ఆ పరిమితి 8.90 పౌండ్లు. జోన్ 3 వరకు అయితే 10.50, జోన్ 6 వరకు 16.30.

హైదరాబాద్ నుంచి వచ్చి ఈస్ట్ హామ్‌లో బంధువుల ఇంట్లో దిగిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్య, భర్త, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి. ఒక బుధవారం పొద్దున 9.40కి ఈస్ట్ హామ్‌లో ఎక్కి డిస్ట్రిక్ట్ లైన్ మీద వెస్ట్‌మిన్‌స్టర్‌లో దిగారు, పెద్దవాళ్లకి తలా 3.10. మధ్యాహ్నం అక్కణ్నుంచి టవర్ హిల్‌కి వెళ్లారు, 2.80. రెండున్నరకి టవర్ హిల్ నుంచి మ్యూజియంలు ఉన్న సౌత్ కెన్సింగ్టన్‌కి, మళ్లీ 2.80. ఇప్పటికి 8.70 అయింది. సాయంత్రం ఐదున్నరకి సౌత్ కెన్సింగ్టన్ నుంచి తిరిగి ఈస్ట్ హామ్‌కి వచ్చారు. ఇది రద్దీ వేళ కాబట్టి 3.80 పడాలి, మొత్తం 12.50 కావాలి. కానీ పరిమితి 10.50 కాబట్టి చివరి ప్రయాణానికి 1.80 మాత్రమే పడుతుంది. రాత్రి ఎనిమిదికి మళ్లీ బయటికి వచ్చి ఆ జోన్లలోనే ఎక్కడికి వెళ్లినా ఆ రోజుకి ఇక ఖర్చు లేదు. అంటే నాలుగు ప్రయాణాలు చేసే రోజున రద్దీ వేళ తప్పించుకోవాలని తంటాలు పడక్కర్లేదు, ఏడు గంటల తర్వాత బయల్దేరినా ఆ కుటుంబానికి పడేది అదే 10.50.

ఇప్పుడు ఇదే రోజుకి వాళ్లు మెషీన్‌లో కాగితం డే పాస్ కొన్నారనుకుందాం. దాని పేరు డే ట్రావెల్‌కార్డు. జోన్ 1 నుంచి 3కి అది దొరకదు, అన్నిటికన్నా చిన్నది 1 నుంచి 4 జోన్లది, ధర 16.60 పౌండ్లు. ఇద్దరు పెద్దవాళ్లకి 33.20. కార్డు ఆనించి వెళ్తే 21. ఒక్కరోజుకే 12 పౌండ్ల తేడా, పైగా ఎక్కువ తిరగని రోజున కార్డు మీద పడేది ఇంకా తక్కువ. వెస్ట్‌మిన్‌స్టర్ చూసి ఏడు దాటాక నేరుగా ఇంటికి వచ్చేస్తే తలా 6.20తో సరిపోతుంది. పాస్ కొన్నాక ఇంట్లో కూర్చున్నా డబ్బు తిరిగి రాదు.

ఎక్కడ తప్పు జరుగుతుంది

ఈ ఏర్పాటంతా ఒకే షరతు మీద నడుస్తుంది. ఎక్కేటప్పుడు ఏది ఆనించారో దిగేటప్పుడు కూడా అదే ఆనించాలి, రోజంతా అదే వాడాలి. నష్టాలన్నీ ఈ షరతు తప్పినచోటే వస్తాయి.

మీరు లోపలికి వెళ్లేటప్పుడు కంప్యూటరుకు తెలిసేది ఎక్కడ ఎక్కారన్నది మాత్రమే. బయటికి వచ్చేటప్పుడు కార్డు ఆనించకపోతే ఎక్కడిదాకా వెళ్లారో దానికి తెలియదు. అప్పుడు ఆ ప్రయాణాన్ని అసంపూర్తి ప్రయాణంగా రాసుకుని గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. అది పది పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంకా బాధ కలిగించేది, ఆ మొత్తం రోజువారీ పరిమితిలో కలవదు. పైన చెప్పిన కుటుంబంలో భర్త ఈస్ట్ హామ్‌లో దిగేటప్పుడు గేట్లు బార్లా తెరిచి ఉన్నాయని అలాగే నడిచి వచ్చేస్తే, 1.80తో పోవాల్సిన ప్రయాణానికి అయిదింతలకు పైగా పడుతుంది.

హైదరాబాద్ మెట్రోలో టోకెన్ వేయకుండా బయటపడలేం, అందుకే మనకు ఈ జాగ్రత్త అలవాటు లేదు. లండన్‌లో జనం ఎక్కువైనప్పుడో గేటు పాడైనప్పుడో తలుపులు తెరిచి వదిలేస్తారు. తూర్పు లండన్‌లో నడిచే డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వేలో చాలా స్టేషన్లకి అసలు గేట్లే ఉండవు, ప్లాట్‌ఫారం దారిలో స్తంభం మీద పసుపుపచ్చ రీడరు ఒకటి ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నా, తలుపే లేకపోయినా ఆ పసుపు గుండ్రానికి కార్డు ఆనించాలి. ఒక్కసారి బీప్ మని పచ్చ లైటు వెలిగితే నమోదైనట్టు. వరసగా బీప్‌లు వచ్చి ఎర్ర లైటు వెలిగితే కానట్టు. బస్సుల్లో మాత్రం దిగేటప్పుడు ఆనించక్కర్లేదు, ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. దారి మధ్యలో ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారేటప్పుడు కూడా గేటు అడ్డం రాకపోతే ఏమీ ఆనించక్కర్లేదు.

రెండో తప్పు ఫోను, కార్డు కలిపి వాడటం. పొద్దున ప్లాస్టిక్ కార్డు ఆనించి, సాయంత్రం అదే కార్డును ఫోను వాలెట్‌లోంచి ఆనిస్తే బ్యాంకు ఖాతా ఒకటే అయినా గేటు దృష్టిలో అవి రెండు వేర్వేరు కార్డులు. ఫోను వాలెట్ అసలు కార్డు నంబరు కాకుండా వేరే నంబరు పంపుతుంది. ఎక్కడం ఒకదానితో, దిగడం ఇంకోదానితో అయితే రెండు అసంపూర్తి ప్రయాణాలు, రెండు గరిష్ఠ ఛార్జీలు. పర్సులో రెండు మూడు కార్డులు ఉండగా పర్సునే రీడరుకు ఆనిస్తే కూడా ఇదే జరుగుతుంది, ఏ కార్డును చదివిందో మీకు తెలియదు. వాడే కార్డును పొద్దున్నే బయటికి తీసి విడిగా పెట్టుకోవాలి.

మూడోది ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లాలని చూడటం. ఒక మనిషికి ఒక కార్డు. భర్త కార్డు మీద భార్యకి ఇచ్చిన యాడ్ ఆన్ కార్డుకి వేరే నంబరు ఉంటే దాన్ని విడి కార్డుగానే గుర్తిస్తుంది, ఇబ్బంది లేదు. గేటు తెరుచుకోక SEEK ASSISTANCE అని కనిపిస్తే వెనకున్నవాళ్లకి దారిచ్చి, పక్కన వెడల్పు గేటు దగ్గర నిలబడే సిబ్బందికి ఆ కార్డు చూపించండి. కంగారులో వేరే కార్డు తీసి ఆనించి బయటపడటమే అసలు నష్టం తెచ్చే పని.

తప్పు జరిగిందని తెలుసుకునే మార్గం ఉంది. రవాణా సంస్థ వెబ్‌సైటులో ఖాతా తెరిచి కార్డును జత చేస్తే ఏ రోజు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో, ఎంత పడిందో కనబడుతుంది. అసంపూర్తి ప్రయాణం విడిగా గుర్తించి ఉంటుంది, దాని మీద డబ్బు వెనక్కి అడగొచ్చు. రెండో రోజు రాత్రి ఒకసారి చూసుకుంటే తప్పు ఎక్కడ జరుగుతోందో తెలిసిపోతుంది, మిగతా రోజులు బాగుపడతాయి.

మన బ్యాంకు కార్డులతో వచ్చే చిక్కు

లండన్‌లో దిగాక గేటు తెరుచుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇక్కడే, మన ఊళ్లోనే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ వాడకం మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఇవి రెండూ వేర్వేరు మీటలు. విదేశీ వాడకం ఒక్కటే ఆన్ చేసి కాంటాక్ట్‌లెస్ వదిలేస్తే దుకాణంలో పిన్ కొట్టి పనిచేసే కార్డే ట్యూబ్ గేటు దగ్గర ఎర్ర లైటు చూపిస్తుంది, ఎందుకంటే గేటు దగ్గర పిన్ కొట్టే వీలు లేదు. విమానం ఎక్కకముందే రెండూ ఆన్ చేసుకుని, కార్డు మీద వంపు తిరిగిన నాలుగు గీతల గుర్తు ఉందో లేదో చూసుకోండి.

వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ గేటు దగ్గర చెల్లుతాయి. రూపే కార్డు ఆ జాబితాలో లేదు, యూపీఐ కూడా పనిచేయదు. మన బ్యాంకులు విదేశీ వాడకం మీద మార్కప్ వసూలు చేస్తాయి, చాలా కార్డులకి అది 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ అదనం. రవాణా సంస్థ ప్రతి ప్రయాణానికీ విడిగా కాకుండా రోజు మొత్తాన్ని కలిపి ఒకేసారి తీసుకుంటుంది. మొదటిసారి ఆనించినప్పుడు కార్డు సరైనదో కాదో చూడటానికి 10 పెన్నీల మెసేజ్ ఒకటి రావచ్చు. దాన్ని చూసి మోసమనుకుని కార్డు బ్లాక్ చేసేయకండి.

ఇలాంటి కార్డు లేనివాళ్లకి ఆయిస్టర్ ఉంది. కార్డు ధర 10 పౌండ్లు, అది తిరిగి రాదు. మెషీన్ తెర మీద ముందు భాష ఎంచుకుని, కొత్త ఆయిస్టర్ అన్నది నొక్కి, ఎంత డబ్బు వేయాలో ఎంచుకుని, బ్యాంకు కార్డు చిప్‌తో పిన్ కొట్టి కట్టేస్తే కార్డు బయటికి వస్తుంది. తర్వాత డబ్బు వేసేటప్పుడు కార్డును మెషీన్ మీదున్న పసుపు గుండ్రానికి ఆనించాలి, డబ్బు కట్టాక మళ్లీ ఇంకోసారి ఆనించాలి. ఈ రెండోసారి ఆనించడం మరిచిపోయి వెళ్లిపోతే కట్టిన డబ్బు కార్డులోకి చేరదు. ఆయిస్టర్‌కి కూడా ధరలు, పరిమితులు పైన చెప్పినవే.

పిల్లల విషయంలో ఆయిస్టరే దారి. పదకొండేళ్ల లోపు పిల్లలు, టికెట్ ఉన్న పెద్దవాళ్లతో వెళ్తే ట్యూబ్‌లో ఉచితం, ఒక్కొక్కరి వెంట నలుగురి దాకా వెళ్లొచ్చు. కాబట్టి ఎనిమిదేళ్ల అబ్బాయికి ఏమీ కొనక్కర్లేదు, వెడల్పు గేటులోంచి తల్లి చెయ్యి పట్టుకుని వెళ్తే చాలు. పన్నెండేళ్ల అమ్మాయికి బ్యాంకు కార్డు వాడితే పెద్దవాళ్ల ఛార్జీ పడుతుంది. ఆమెకో ఆయిస్టర్ కొని, స్టేషన్ సిబ్బందిని యంగ్ విజిటర్ డిస్కౌంట్ పెట్టమని అడగాలి. 11 నుంచి 15 ఏళ్ల వాళ్లకి 14 రోజుల పాటు సగం ధర పడుతుంది. ఇది మెషీన్‌లో మనంతట మనం చేసుకోగలిగేది కాదు, సిబ్బంది చేయాలి. తల్లిదండ్రులు పక్కనే ఉండాలి.

వారం పాస్ ఎప్పుడు లాభం

రోజుకి ఉన్నట్టే వారానికీ పరిమితి ఉంది. జోన్ 1, 2లకి అది 44.70 పౌండ్లు, అంటే దాదాపు అయిదు రోజుల పరిమితి. అయితే ఈ వారం సోమవారం మొదలై ఆదివారం ముగుస్తుంది, మీరు దిగిన రోజు నుంచి కాదు. వారం పాస్, అంటే సెవెన్ డే ట్రావెల్‌కార్డు, ధర కూడా అదే 44.70. కానీ దాన్ని ఏ రోజునుంచైనా మొదలుపెట్టుకోవచ్చు. తేడా అంతా ఇందులోనే ఉంది.

జోన్ 2లో హోటల్ తీసుకుని గురువారం నుంచి వచ్చే బుధవారం వరకు తిరిగే ఒక మనిషి సంగతి చూద్దాం. రోజూ పరిమితి దాకా తిరిగితే ఏడు రోజులకి 62.30 అవుతుంది. ఒక వారంలో నాలుగు రోజులు, ఇంకో వారంలో మూడు రోజులు పడటంతో వారం పరిమితి ఏ వారంలోనూ తగలదు. అదే గురువారం నుంచి మొదలయ్యే వారం పాస్ తీసుకుంటే 44.70, దాన్ని వేసుకోవడానికి ఆయిస్టర్ 10, మొత్తం 54.70. ఏడున్నర పౌండ్లకు పైగా మిగులుతుంది. సోమవారం దిగి ఉంటే పాస్‌తో పనే లేదు, బ్యాంకు కార్డు మీదే 44.70 దగ్గర ఆగిపోతుంది. రోజుకి రెండే ప్రయాణాలు, అవీ రద్దీ లేని వేళల్లో చేసేవాళ్లకి ఏడు రోజులకి 40.60 అవుతుంది, వాళ్లకీ పాస్ నష్టమే. మీరు ఏ రోజున దిగుతారో, రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతారో ఈ రెండూ తెలిస్తే చాలు, ఇక లెక్కకి కాగితం కూడా అక్కర్లేదు.

హీత్రూ నుంచి మొదటి ప్రయాణం

విమానాశ్రయంలో మూడు రైళ్లు కనిపిస్తాయి, మూడింటికీ గేటు దగ్గర కార్డు ఆనించొచ్చు. తేలిగ్గా పొరపాటు జరిగేది ఇక్కడే. పిక్కడిల్లీ లైన్ ట్యూబ్‌లో జోన్ 1కి 5.80 పౌండ్లు, రోజులో ఏ వేళైనా అంతే. ఎలిజబెత్ లైన్‌లో 13.90, ట్యూబ్ కన్నా త్వరగా చేరుస్తుంది. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది, అప్పటికప్పుడు ఎక్కితే 25 పౌండ్లు, అది రోజువారీ పరిమితిలోకి రాదు. గేటు మిమ్మల్ని హెచ్చరించదు, కార్డు చదివి లోపలికి పంపేస్తుంది. అందుకే ముందు ట్యూబ్ గుర్తు, అంటే ఎర్ర వలయం మీద అడ్డంగా నీలి పట్టీ ఉన్న బోర్డు వెతికి దాని వెంటే వెళ్లండి.

ఈస్ట్ హామ్ వెళ్లాల్సిన మన కుటుంబం పిక్కడిల్లీ లైన్ ఎక్కి హామర్‌స్మిత్‌లో దిగాలి. అక్కడ దిగిన ప్లాట్‌ఫారానికి అవతలి వైపే డిస్ట్రిక్ట్ లైన్ రైలు వస్తుంది, సూట్‌కేసులతో మెట్లు ఎక్కక్కర్లేదు. మధ్య లండన్‌లో ఎక్కడ లైన్ మారినా పొడవాటి సొరంగాలు, ఎస్కలేటర్లు దాటాల్సి వస్తుంది కాబట్టి హామర్‌స్మిత్‌ను దాటనివ్వకండి. రైలు ముందు భాగం మీద, ప్లాట్‌ఫారం తెర మీద గమ్యం పేరు ఉంటుంది. అప్‌మిన్‌స్టర్ లేదా బార్కింగ్ అని ఉంటే ఈస్ట్ హామ్‌లో ఆగుతుంది. టవర్ హిల్ అని ఉంటే అక్కడితో ఆగిపోతుంది. అలాంటిది ఎక్కేసినా ఫర్వాలేదు, టవర్ హిల్‌లో దిగి గేటు దాటకుండా ప్లాట్‌ఫారం మీదే వెనక వచ్చే అప్‌మిన్‌స్టర్ రైలు కోసం ఆగండి, అదనంగా ఏమీ పడదు. ఈస్ట్ హామ్‌లో దిగాక మెట్లెక్కి పైకి వస్తే గేట్లు. అలసటతో, ఎదురొచ్చిన బంధువుల సందడిలో, పొద్దున వాడిన ఆ కార్డునే ఆనించడం ఒక్కటి మరిచిపోకూడదు.